ఛాతీ నీరు ట్రాన్సుడేటా, ఎగ్జుడేటా? నిష్పత్తి 0.51 వచ్చిన రోజు ఏం చేయాలి

ఛాతీలోంచి తీసిన నీటి రిపోర్టు చేతికొచ్చింది. ప్రొటీన్ 3.5 గ్రాములు, ఎల్‌డీహెచ్ 128 యూనిట్లు. ఈ రెండు అంకెలు మాత్రమే చూపించి ఇది ట్రాన్సుడేటా, ఎగ్జుడేటా అని అడిగితే నేను జవాబు చెప్పను. అదే సమయానికి ఆ మనిషి రక్తంలో ప్రొటీన్, ఎల్‌డీహెచ్ ఎంత ఉన్నాయో కూడా నాకు కావాలి. ఆ నాలుగు అంకెలతో వేసే లెక్క చాలా చిన్నది, కాలిక్యులేటర్‌లో నిమిషం పట్టదు. అసలు పని ఆ లెక్కకు ముందూ తర్వాతా ఉంది: శాంపిల్ సరిగ్గా తీయడం, వచ్చిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుసుకోవడం. వార్డులో కొత్తగా డ్యూటీలో చేరిన డాక్టర్లను, ల్యాబ్‌లో పనిచేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ముందు, మనం వేస్తున్న ప్రశ్న ఏమిటో ఒకసారి చూద్దాం. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య ఉండే పలుచటి పొరలు ప్లూరా. ఆ పొరలు ఆరోగ్యంగానే ఉండి, వేరేచోట తేడా వచ్చి నీరు చేరితే అది ట్రాన్సుడేట్. గుండె బలహీనపడి రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగినప్పుడు, కాలేయం గట్టిపడినప్పుడు, మూత్రంలో ఆల్బుమిన్ పోతున్నప్పుడు జరిగేది ఇదే. జల్లెడ బాగానే ఉంది కాబట్టి నీరు దిగుతుంది, ప్రొటీన్ చాలావరకు రక్తంలోనే ఆగిపోతుంది. పొరలకే జబ్బు వస్తే, అంటే న్యుమోనియా, టీబీ, క్యాన్సర్ లాంటివి వస్తే, జల్లెడ కంతలు పెద్దవవుతాయి. నీటితోపాటు ప్రొటీన్ కూడా వచ్చేస్తుంది. అది ఎగ్జుడేట్.

ఎల్‌డీహెచ్ కథ వేరు. అది కణాల లోపల ఉండే ఎంజైమ్. కణాలు దెబ్బతిని చిట్లినప్పుడు బయటపడుతుంది. అంటే ప్రొటీన్ మనకు జల్లెడ పరిస్థితి చెబుతుంది, ఎల్‌డీహెచ్ లోపల కణాలు ఎంతగా చస్తున్నాయో చెబుతుంది. ఈ తేడాను మనసులో పెట్టుకోండి. రిపోర్టులో ఈ ఇద్దరు సాక్షులూ ఒకే మాట చెబితే పని సులువు. వేర్వేరు మాటలు చెప్పినప్పుడే మనం ఆలోచించాలి, ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

శాంపిల్ తీసే ముందు

నీరు తీయాలని నిర్ణయించుకున్న రోజే రక్తం కూడా తీయండి. నేనైతే నీడిల్ పెట్టడానికి ముందే రక్తం ట్యూబు నింపి పక్కన పెట్టుకుంటాను. తర్వాత తీద్దాంలే అనుకుంటే మరిచిపోతాం. మరుసటి రోజు సీరం పంపితే, ఈలోగా సెలైన్ ఎక్కించి ఉంటారు, మూత్రం ఎక్కువ పోయే మందు ఇచ్చి ఉంటారు, అంకెలు మారిపోతాయి. మూడు రోజుల కిందటి రక్త పరీక్షలో ప్రొటీన్ ఉంది కదా, దాంతో భాగిద్దాం అనే అలవాటు చాలాచోట్ల చూశాను. దయచేసి అలా చేయకండి. నిష్పత్తి సరిహద్దు దగ్గర పడితే ఆ పాత అంకె మీ జవాబును తలకిందులు చేయగలదు.

రక్తం, నీరు రెండూ ఒకే ల్యాబ్‌కి, వీలైతే ఒకే మెషీన్‌కి వెళ్లాలి. ఎల్‌డీహెచ్ కొలిచే పద్ధతులు రెండు రకాలు. ఒక పద్ధతిలో వచ్చే అంకె రెండోదాంట్లో దాదాపు రెట్టింపుగా వస్తుంది. నీరు ఒకచోట, సీరం ఇంకోచోట కొలిపిస్తే నిష్పత్తికి అర్థమే లేకుండా పోతుంది.

నీరు సాధారణంగా 50 మిల్లీలీటర్ల దాకా తీస్తాం, అన్ని పరీక్షలకూ అది చాలు. ప్రొటీన్, ఎల్‌డీహెచ్ కోసం మందులేమీ లేని ప్లెయిన్ ట్యూబు పంపండి. కణాల లెక్కకు ఈడీటీఏ ట్యూబు, గ్లూకోజ్‌కు ఫ్లోరైడ్ ట్యూబు వేరుగా ఉండాలి. ల్యాబ్ ఆ రోజు చేయలేకపోతే ఎల్‌డీహెచ్ శాంపిల్‌ను ఫ్రీజర్‌లో పెట్టనివ్వకండి. చలికి ఆ ఎంజైమ్‌లో కొంత భాగం పాడవుతుంది, అంకె తగ్గి వస్తుంది. గది ఉష్ణోగ్రతలో ఉంచడమే మేలు.

ఇంకో చిన్న పని. రక్తం ట్యూబు సెంట్రిఫ్యూజ్ చేశాక పైన తేలిన సీరం రంగు చూడండి, లేదా టెక్నీషియన్‌ను అడగండి. లేత పసుపుగా ఉండాలి. గులాబీ రంగు ఉంటే ఎర్ర కణాలు చిట్లాయన్నమాట. ఎర్ర కణాల లోపల ఎల్‌డీహెచ్ సీరంలో కన్నా వంద రెట్లకు పైగా ఉంటుంది కాబట్టి కొన్ని చిట్లినా సీరం ఎల్‌డీహెచ్ అమాంతం పెరుగుతుంది. దాని వల్ల ఏమవుతుందో కాసేపట్లో చెబుతాను, ఒకసారి మా వార్డులోనే జరిగింది.

ఐదు అంకెలు కాగితం మీద రాయండి

నాలుగు కాదు, ఐదు. నీటిలో ప్రొటీన్, సీరంలో ప్రొటీన్, నీటిలో ఎల్‌డీహెచ్, సీరంలో ఎల్‌డీహెచ్, వీటితోపాటు మీ ల్యాబ్ సీరం ఎల్‌డీహెచ్‌కు రాసే నార్మల్ రేంజిలో పై అంచు. ఐదోది చాలామంది వదిలేస్తారు. పుస్తకంలో చదివిన అంకెను వాడేస్తారు. రిపోర్టులో కుడివైపు చిన్న అక్షరాలతో రాసి ఉండేదే మీకు కావాల్సింది, ఎందుకంటే అది మీ ల్యాబ్ పద్ధతికి సంబంధించినది.

రాసేటప్పుడే యూనిట్లు చూసుకోండి. రక్తం ప్రొటీన్ డెసిలీటరుకు గ్రాముల్లో వస్తుంది. నీటి ప్రొటీన్ కొన్ని ల్యాబ్‌లలో లీటరుకు గ్రాముల్లోనో, డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లోనో వస్తుంది. 3.5 గ్రాములు అనేది ఒకచోట 35గా, ఇంకోచోట 3500గా కనిపించవచ్చు. నిష్పత్తి ఐదో, ఐదు వందలో వస్తే తప్పు వెంటనే తెలిసిపోతుందనుకోండి, కానీ ఎవరో మధ్యలో సరిచేయబోయి తప్పు చోట చుక్క పెడితే తెలియదు.

మూడు లెక్కలు

1972లో రిచర్డ్ లైట్, ఆయన సహచరులు ప్రతిపాదించిన కొలబద్దనే ఇప్పటికీ వాడుతున్నాం. అంతకుముందు నీటిలో ప్రొటీన్ 3 గ్రాములు దాటితే ఎగ్జుడేట్ అనేవారు. అందులో ఇబ్బంది సులువుగానే తెలుస్తుంది. మూత్రంలో ప్రొటీన్ పోయి రక్తంలోనే 4.5 గ్రాములకు పడిపోయిన మనిషికి టీబీ వచ్చిందనుకోండి. నీటిలో 2.8 మాత్రమే ఉండవచ్చు. మూడు దాటలేదు కాబట్టి ట్రాన్సుడేట్ అని వదిలేస్తాం. రక్తంతో భాగిస్తే 0.62 వస్తుంది, జల్లెడ చిరిగిందని తెలుస్తుంది. నిష్పత్తి వాడటంలో కిటుకు ఇదే.

మొదటి లెక్క: నీటి ప్రొటీన్ ÷ సీరం ప్రొటీన్. 0.5 దాటిందా?

రెండో లెక్క: నీటి ఎల్‌డీహెచ్ ÷ సీరం ఎల్‌డీహెచ్. 0.6 దాటిందా?

మూడో లెక్క: సీరం ఎల్‌డీహెచ్ నార్మల్ పై అంచులో మూడింట రెండు వంతులు ఎంతో చూడండి. నీటి ఎల్‌డీహెచ్ దాన్ని దాటిందా?

మూడింటిలో ఏ ఒక్కటి అవును అయినా ఎగ్జుడేట్. మూడూ కాదు అయితేనే ట్రాన్సుడేట్. మొదట ప్రచురించినప్పుడు మూడో లెక్క 200 యూనిట్లు అని సూటిగా ఉండేది. ఆ ల్యాబ్‌లో పై అంచు 300 కాబట్టి అది మూడింట రెండు వంతులు. ఇప్పుడు మీ ల్యాబ్ పై అంచు 225 అయితే మీ గీత 150 దగ్గర ఉంటుంది. 200 అని గుర్తు పెట్టుకుని దాన్నే అన్నిచోట్లా వాడితే కొన్ని ఎగ్జుడేట్లు జారిపోతాయి.

ఏ ఒక్కటి దాటినా చాలు అనే నియమం కావాలనే పెట్టినది. టీబీనో, చీమునో, క్యాన్సర్‌నో ట్రాన్సుడేట్ అని వదిలేయకూడదు కాబట్టి వల పెద్దగా వేశారు. అందుకే నిజమైన ఎగ్జుడేట్లలో దాదాపు అన్నీ ఈ వలలో పడతాయి. దానికి మనం చెల్లించే మూల్యం ఏమిటంటే, కొన్ని ట్రాన్సుడేట్లు కూడా పడతాయి. దాదాపు నాలుగింట ఒకటి అలా పొరపాటున ఎగ్జుడేట్ అనిపించుకుంటుంది. వాటిలో ఎక్కువ భాగం మూత్రం మందులు వాడుతున్న గుండె జబ్బు మనుషులవే.

ఒక మనిషి లెక్క పూర్తిగా చేద్దాం

అరవై ఎనిమిదేళ్ల ఆయన. గుండె పంపింగ్ తగ్గి, కాళ్ల వాపు, ఆయాసంతో చేరారు. ఎక్స్‌రేలో రెండువైపులా నీరు, కుడివైపు ఎక్కువ. గుండె జబ్బు స్పష్టంగా ఉంది, జ్వరం లేదు, రెండువైపులా నీరుంది, కాబట్టి వెంటనే నీరు తీయలేదు. అది సరైన పనే. ఇలాంటివాళ్లలో ముందు మందులు ఇచ్చి చూస్తాం. ఫ్యూరోసెమైడ్ ఇంజక్షన్లు ఐదు రోజులు నడిచాయి. కాళ్ల వాపు దిగింది, బరువు తగ్గింది, ఎడమవైపు నీరు పోయింది. కుడివైపు మాత్రం తగ్గినట్టే తగ్గి అక్కడే ఆగింది. ఒకవైపే మిగిలింది కాబట్టి అప్పుడు తీశారు.

నీటి ప్రొటీన్ 3.5, సీరం ప్రొటీన్ 6.8. నీటి ఎల్‌డీహెచ్ 128, సీరం ఎల్‌డీహెచ్ 220, ల్యాబ్ పై అంచు 225.

మొదటి లెక్క: 3.5 ÷ 6.8 = 0.51. గీత దాటింది. రెండోది: 128 ÷ 220 = 0.58. దాటలేదు. మూడోది: 225లో మూడింట రెండు వంతులు 150, నీటిలో ఉన్నది 128. దాటలేదు.

నియమం ప్రకారం ఇది ఎగ్జుడేట్. డ్యూటీలో ఉన్న అబ్బాయి కేస్ షీట్‌లో అదే రాశాడు. ఆ ఒక్క మాటతో మిగతా చక్రం తిరగడం మొదలైంది. టీబీ పరీక్షలు, సీటీ స్కాన్, క్యాన్సర్ కణాల కోసం మరోసారి నీరు తీయాలన్న ఆలోచన. క్యాన్సరేమోనన్న టెన్షన్‌తో ఆయన భార్య రెండు రాత్రులు వరండాలో కూర్చునే గడిపింది. ఆవిడ ముఖం నాకింకా గుర్తుంది. 0.51కి, 0.49కి మధ్య ఆ మనిషి శరీరంలో ఏ తేడా లేదు. తేడా అంతా మనం గీసిన గీతలో ఉంది.

కాబట్టి లెక్క అయ్యాక పేరు పెట్టి ఆగిపోకండి. రెండు విషయాలు చూడండి: ఏ లెక్క దాటింది, ఎంత దూరం దాటింది. ఇక్కడ ప్రొటీన్ ఒక్కటే దాటింది, అదీ వెంట్రుకవాసి. ఎల్‌డీహెచ్ రెండు లెక్కల్లోనూ దాటలేదు. అంటే లోపల కణాలు పెద్దగా చావడం లేదు. మరి ప్రొటీన్ ఎందుకు పెరిగింది?

మందు వల్ల. ఫ్యూరోసెమైడ్ శరీరంలోంచి నీటిని లాగేస్తుంది. ప్లూరాలో చేరిన నీరు కూడా వెనక్కి రక్తంలోకి వెళుతుంది. నీరు వెళ్లినంత వేగంగా ప్రొటీన్ వెళ్లలేదు, అది పెద్ద అణువు. పొయ్యి మీద పెట్టిన చారు ఇగిరేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది కదా, ఉప్పు ఎవరూ వేయకపోయినా. ఇదీ అంతే. ఎల్‌డీహెచ్ కూడా ఇలాగే కొంత చిక్కబడుతుంది, ఈయన రెండో లెక్క 0.58 దాకా రావడానికి కారణం బహుశా అదే. మొదటి రోజే నీరు తీసి ఉంటే మూడు లెక్కలూ గీతకు చాలా కింద ఉండేవని నా అంచనా. ముందు మందు ఇచ్చి చూడటం సరైన వైద్యమే, కానీ ఆ ఐదు రోజుల వైద్యమే పరీక్షను మసకబార్చింది. అందుకే నీటి శాంపిల్ ఫారం మీద మూత్రం మందు ఎన్ని రోజులుగా నడుస్తోందో రాయమని నేను పట్టుబడతాను.

ఇలాంటప్పుడు భాగించడం ఆపి తీసేయండి

నిష్పత్తి బదులు తేడా చూడాలి. సీరం ప్రొటీన్‌లోంచి నీటి ప్రొటీన్ తీసేయండి. 3.1 గ్రాములకు పైన ఉంటే, గుండె జబ్బు ఉన్న మనిషిలో అది ట్రాన్సుడేట్ అనడానికి బలమైన ఆధారం. ఈయనకు 6.8 − 3.5 = 3.3. దాటింది.

ఆల్బుమిన్‌తో కూడా చేయవచ్చు, చాలామంది దాన్నే ఎక్కువ నమ్ముతారు. సీరం ఆల్బుమిన్‌లోంచి నీటి ఆల్బుమిన్ తీసేస్తే 1.2 గ్రాములకు పైన ఉండాలి. ల్యాబ్‌లో మిగిలిన శాంపిల్‌తోనే చేయించాం, మళ్లీ గుచ్చే పని లేకుండా. సీరంలో 3.7, నీటిలో 2.1, తేడా 1.6. ఇదీ దాటింది. పొట్ట నీటికి వాడే 1.1 అంకెతో దీన్ని కలిపేసుకోకండి, పరీక్షల్లోనూ వార్డులోనూ తరచూ జరిగే పొరపాటు అది. ఇంకో సంగతి, ఇక్కడ గుర్తు తలకిందులవుతుంది. నిష్పత్తి పెద్దదైతే ఎగ్జుడేట్, తేడా పెద్దదైతే ట్రాన్సుడేట్. రాత్రి రెండు గంటలకు నిద్రమత్తులో ఇది తారుమారు చేసినవాళ్లను చూశాను. జల్లెడ బొమ్మను ఒకసారి తలుచుకుంటే సరిపోతుంది. జల్లెడ బాగుంటే ఇటూ అటూ తేడా ఎక్కువగా ఉంటుంది.

రక్తంలోనో నీటిలోనో ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ చేయించగలిగితే, అది మిల్లీలీటరుకు 1500 పికోగ్రాములు దాటితే ఆ నీటికి కారణం గుండే అనడానికి ఇంకో ఆధారం. ఈయనకు రక్తంలో అంతకన్నా చాలా ఎక్కువే వచ్చింది.

ఇంత బాగుంటే మొదటినుంచీ తేడానే ఎందుకు వాడకూడదు అని అడగవచ్చు. మంచి ప్రశ్న. తేడాను అందరికీ వాడితే కొన్ని నిజమైన ఎగ్జుడేట్లను ట్రాన్సుడేట్లు అనేస్తుంది. మొదట వేసిన పెద్ద వలకు అర్థం లేకుండా పోతుంది. అందుకే వరుస ముఖ్యం. ముందు లైట్ లెక్కలు. అవి ట్రాన్సుడేట్ అంటే అక్కడితో ఆగండి. ఎగ్జుడేట్ అన్నాయి, కానీ మీ కళ్లముందున్న మనిషి గుండె జబ్బు మనిషి, మూత్రం మందు నడుస్తోంది, అంకెలు గీతకు దగ్గరగా ఉన్నాయి అంటే అప్పుడు మాత్రమే తేడా చూడండి. ఈ షరతులు లేనిచోట తేడా ఎంత అందంగా వచ్చినా పక్కన పెట్టండి. ఎందుకో ఈ రెండో సంగతి చెబుతుంది.

గులాబీ రంగు సీరం

నేను పనిచేసిన ఒక వార్డులో నలభై ఐదేళ్ల మనిషి జ్వరం, దగ్గు, ఎడమవైపు నీరుతో చేరాడు. నీటి ప్రొటీన్ 3.1, సీరం ప్రొటీన్ 6.7, నిష్పత్తి 0.46. నీటి ఎల్‌డీహెచ్ 310, సీరం ఎల్‌డీహెచ్ 640, నిష్పత్తి 0.48. రెండు నిష్పత్తులూ గీతకు కిందే ఉన్నాయి. ప్రొటీన్ తేడా చూస్తే 3.6. రాత్రి డ్యూటీలో ట్రాన్సుడేట్ అని రాసి పెట్టారు.

మూడో లెక్క ఎవరూ వేయలేదు. మా ల్యాబ్ పై అంచు 225, గీత 150. నీటిలో ఉన్నది 310. రెట్టింపు కన్నా ఎక్కువ. పొద్దున రౌండ్స్‌లో ఆ కాగితం చూసి ల్యాబ్‌కి ఫోన్ చేశాను. టెక్నీషియన్ ట్యూబు తీసి వెలుగులో పట్టుకుని చూసి, “డాక్టర్ గారూ, సీరం కాస్త గులాబీగానే ఉందండీ” అంది. సన్న నీడిల్‌తో గట్టిగా లాగితే అలా అవుతుంది. మళ్లీ జాగ్రత్తగా రక్తం తీసి పంపితే సీరం ఎల్‌డీహెచ్ 205 వచ్చింది. 310 ÷ 205 అంటే 1.5. నిష్పత్తిలో కింద ఉన్న అంకె ఉబ్బిపోవడం వల్ల ఎగ్జుడేట్ దాక్కుంది, అంతే.

ఆ నీటిలో న్యూట్రోఫిల్స్ నిండా ఉన్నాయి. న్యుమోనియా వల్ల వచ్చిన నీరు అది. మరుసటి రోజు మళ్లీ తీస్తే ఎల్‌డీహెచ్ 1150కి చేరింది, గ్లూకోజ్ బాగా పడిపోయింది, ఛాతీలో ట్యూబు వేయాల్సి వచ్చింది. ఆ రాత్రి మాటను నమ్ముకుని ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే చీము గడ్డకట్టి గదులు గదులుగా మారేది.

ఈ మనిషి రిపోర్టులో కూడా సాక్షులిద్దరూ వేరుపడ్డారు, కానీ మొదటి ఆయనకు పూర్తి వ్యతిరేకంగా. ఇక్కడ ప్రొటీన్ మామూలుగా ఉంది, ఎల్‌డీహెచ్ ఎగిరింది. ఇలా ఎల్‌డీహెచ్ ఒక్కటే దాటితే మందు ప్రభావమని సర్దిచెప్పుకోకండి. ఇన్‌ఫెక్షన్ కోసం, క్యాన్సర్ కోసం వెతకండి. 3.6 అనే ప్రొటీన్ తేడా ఇక్కడ మనల్ని తప్పుదారి పట్టించేదని గమనించారు కదా. గుండె జబ్బు లేని, జ్వరం ఉన్న మనిషికి ఆ తేడా వాడకూడదని చెప్పింది ఇందుకే.

సీరం మీద ఆధారపడని లెక్క మూడోదొక్కటే కాబట్టి సీరం ట్యూబులో వచ్చే తప్పు దాన్ని ముట్టుకోలేదు. కానీ నీటిలోనే రక్తం కలిస్తే అదీ చెడుతుంది. నీడిల్ చిన్న నాళానికి తగిలి ఎర్రగా వచ్చిన నీటిలో ఎల్‌డీహెచ్ ఒక్కటే ఎక్కువ వస్తే, ఆ ఎల్‌డీహెచ్ ఎర్ర కణాలదేమో ఆలోచించాలి. సిరంజిలో మొదట ఎర్రగా వచ్చి తర్వాత పలచబడిందా, మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉందా అన్నది తీసిన మనిషికే తెలుస్తుంది. అది అప్పుడే రాసి పెట్టాలి, తర్వాత ఎవరికీ గుర్తుండదు.

రెండూ బాగా దాటితే

అప్పుడు ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ప్రొటీన్ నిష్పత్తి 0.7, ఎల్‌డీహెచ్ నిష్పత్తి 1.8 అంటే అది ఎగ్జుడేటే. ఎందుకొచ్చిందన్నది ఈ లెక్క చెప్పదు. దానికి కణాల లెక్క, కల్చర్, ఏడీఏ, క్యాన్సర్ కణాల పరీక్ష ఉన్నాయి. వాటి కోసం మొదటిసారే చాలినంత నీరు పంపి ఉంటే రెండోసారి గుచ్చే పని తప్పుతుంది.

మూడు లెక్కలూ కిందే ఉన్నా మనిషి కథ సరిపోకపోతే రిపోర్టును పక్కన పెట్టి మనిషిని చూడండి. క్యాన్సర్ ఉన్నవాళ్లలో కొద్దిమందికి నీరు ట్రాన్సుడేట్‌గా వస్తుంది, కొన్నిసార్లు వాళ్లకు గుండె జబ్బు కూడా ఉండటం వల్ల. బరువు తగ్గిపోతున్న మనిషికి ఒకేవైపు నీరుండి, మందుకు లొంగకపోతే ట్రాన్సుడేట్ అన్న మాట మీద ఆగిపోకూడదు.

కేస్ షీట్‌లో ఏం రాయాలి

ఎగ్జుడేట్ అని ఒక్క మాట రాయకండి. తర్వాత వచ్చే డాక్టరుకు మీ లెక్క కనబడాలి. ఆ అరవై ఎనిమిదేళ్ల ఆయన షీట్‌లో చివరికి మేం ఇలా రాశాం:

“కుడివైపు ప్లూరల్ నీరు, ఫ్యూరోసెమైడ్ ఐదో రోజున తీసినది. సీరం అదే గంటలో తీసినది, హీమాలిసిస్ లేదు. ప్రొటీన్ నిష్పత్తి 0.51, ఎల్‌డీహెచ్ నిష్పత్తి 0.58, నీటి ఎల్‌డీహెచ్ 128 (గీత 150). లైట్ ప్రకారం ఎగ్జుడేట్, ప్రొటీన్ ఒక్కటే, స్వల్పంగా. ప్రొటీన్ తేడా 3.3, ఆల్బుమిన్ తేడా 1.6. మందు వల్ల చిక్కబడిన ట్రాన్సుడేట్‌గా భావిస్తున్నాం. కణాల లెక్క తక్కువ, క్యాన్సర్ కణాలు లేవు. సీటీ ప్రస్తుతం వద్దు. రెండు వారాలకు ఎక్స్‌రే. నీరు పెరిగినా, జ్వరం వచ్చినా మళ్లీ తీయాలి.”

రెండు వారాల తర్వాత ఎక్స్‌రేలో కుడివైపు కింది మూలలో సన్నటి గీత మాత్రమే మిగిలింది.